కొత్త ఆవకాయ బ్యానర్లకు ప్రాంప్ట్‌లు

మూడు బ్యానర్లకూ శీర్షిక "కొత్త ఆవకాయ వచ్చేసింది", బటన్ "ఆర్డర్ చేయండి". రెండూ పేజీ మీద విడిగా టైప్ అవుతాయి. బొమ్మలో ఒక్క అక్షరం కూడా రాకూడదు.

1. హోమ్ పేజీ, కంప్యూటర్‌కి (1920 × 800)

నిజమైన ఫొటోలా కనిపించే వెడల్పాటి చిత్రం, నిష్పత్తి 12:5. పైసగం గోధుమరంగు, కిందిసగం మీగడరంగు ఉన్న పాతకాలపు పింగాణీ జాడీ ఒకటే, ఫ్రేమ్‌లో కుడివైపు మూడో వంతులో నల్లటి కడప బండ మీద ఉండాలి. మూతికి కట్టిన తెల్ల గుడ్డ వాసెన విప్పి, జాడీకి కుడిపక్కన వదులుగా పడి ఉండాలి. జాడీ నిండా ఆవకాయ: టెంకతో కొట్టిన మామిడి ముక్కలు, వాటికి పట్టిన ఎర్రటి కారం, ఆవపిండి, పైన వేలెడు మందాన తేరిన నువ్వుల నూనె. నూనె మీద చిన్న మెరుపు. ముక్క అంచున పచ్చటి తొక్క, లోపల గట్టి టెంక పెంకు స్పష్టంగా తెలియాలి. జామ్‌లా మెత్తగా కలిసిపోకూడదు. ఎడమవైపు 60 శాతం పూర్తిగా ఖాళీ: సున్నం వేసిన లేత మీగడరంగు గోడ, గీతలు, పగుళ్లు, మేకులు, నీడలు లేకుండా. వెలుగు ఎడమ పైనుంచి, పొద్దుటి ఎండలా మెత్తగా. జాడీ నీడ కుడివైపుకే పడాలి. కెమెరా జాడీ మూతికి కాస్త పైనుంచి. ఎడమవైపు గిన్నె, ఆకు, ఎండుమిర్చి ఏదీ వద్దు. మనుషులు, లేబుల్, లోగో వద్దు.

గోడను తెలుపు చేయకండి, లేత మీగడరంగే ఉంచండి. దాని మీద ముదురు ఎరుపు శీర్షిక చక్కగా చదవొస్తుంది. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి శీర్షిక రెండు వరుసలైతే నడుమ జాగా ఎక్కువ కావాలి. ఆ 60 శాతాన్ని తగ్గించొద్దు.

2. ఫోన్‌కి (1080 × 1350)

అదే జాడీ, అదే బండ, అదే వెలుగు. నిలువు చిత్రం, నిష్పత్తి 4:5. జాడీ కింది సగంలో, మధ్య నుంచి కుడికి జరిగి, అంచుకు తగలకుండా. పై సగం మొత్తం ఖాళీ గోడ. జాడీకి ఎడమవైపు కూడా బండ ఖాళీగా ఉండాలి, బటన్ అక్కడే వస్తుంది.

మొదటి చిత్రాన్ని కత్తిరించి దీనికి వాడొద్దు. జాడీ ఉంటే శీర్షికకు చోటుండదు, శీర్షికకు చోటిస్తే జాడీ సగమే మిగులుతుంది.

3. విదేశీ పార్సిళ్ల పేజీకి (1600 × 600)

గట్టి మూతతో, లేబుల్ లేని గాజు సీసాలో ఆవకాయ. ఫ్రేమ్‌లో ఎడమవైపు నాలుగో వంతులో. పక్కనే తెరిచిన అట్టపెట్టె అంచు కొద్దిగా కనిపిస్తే చాలు. కుడివైపంతా లేత మీగడరంగు నేపథ్యం, ఖాళీ. వెలుగు కుడి పైనుంచి, నీడ ఎడమకు. నిష్పత్తి 8:3.