హాలు, వంటగది మెటీరియల్ బోర్డులు: మూడింటిలో దేన్ని ముందుకు తీసుకెళ్దాం

మేడమ్, సార్, నమస్కారం.

హాలు, డైనింగ్, వంటగది కలిసిన భాగానికి మెటీరియల్ బోర్డులు సిద్ధమయ్యాయి. ఈ ఉత్తరంతో పాటు మూడు పేజీలు పంపుతున్నాను. మూడింటిలోనూ గది ఒక్కటే. సోఫా దగ్గర నిలబడి వంటగది వైపు చూస్తే కనిపించే కోణం, సాయంత్రం నాలుగు గంటల వెలుతురు, అదే సోఫా, అవే కుర్చీలు. మారినవి నేల, కర్ర, గోడ, వంటగట్టు మాత్రమే. ఒక బొమ్మలో పూలకుండీ పెట్టి, ఇంకో బొమ్మలో టేబుల్ ఖాళీగా వదిలేస్తే మనసు పూలకుండీ ఉన్న బొమ్మకే ఓటేస్తుంది. అప్పుడు మనం మెటీరియల్ ఎంచుకున్నట్టు కాదు.

మొదట పద్నాలుగు రకాలు చేసి చూశాను. నేలని కదపకుండా కర్ర మార్చాను, తర్వాత కర్రని ఉంచి నేల మార్చాను. రెండూ ఒకేసారి మారిస్తే ఏది బాగుందో, దేనివల్ల బాగుందో తెలియదు. పద్నాలుగులో ఐదు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప తేడా తెలియనివి మీ ముందు పెట్టి మిమ్మల్ని టెన్షన్ పెట్టడం ఇష్టం లేక తీసేశాను. నున్నగా మెరిసే నల్ల నేల ఉన్న మూడూ బొమ్మలో అదిరిపోయాయి. కానీ మీ హాలుకి పడమటి కిటికీ ఉంది. ఆ ఎండ నున్నటి నేల మీద పడి నేరుగా కళ్లలోకి కొడుతుంది, నల్ల నేల మీద దుమ్ము ప్రతి అడుగుకీ కనిపిస్తుంది. మైక్రోసిమెంట్ వేసిన మూడు కూడా పక్కన పెట్టాను. ఆ పూత మందం రెండు మూడు మిల్లీమీటర్లే. కింద ఉన్న పాత నేల ఏమాత్రం కదిలినా పగులు పైకి వస్తుంది. మీ పాత నేలలో ఇప్పటికే రెండు చోట్ల పగుళ్లు చూశాను.

మిగిలినవి ఈ మూడు.

బోర్డు 1: తడి మట్టి
నేల: లేత బూడిద రంగు టెరాజో, అంటే మన మేస్త్రీలు మొజాయిక్ అనేది. మెరుపు లేని ఫినిష్, అందులో గోధుమ, ఇటుక రంగు చిప్స్. కర్ర: ఓక్ వెనీర్, అంటే పలకల మీద అతికించే పల్చటి ఓక్ చెక్క పొర, నిలువు గీతలు. గోడ: సున్నపు పూత, మట్టి కలిసిన తెలుపు. వంటగట్టు: ముదురు గ్రానైట్, లెదర్ ఫినిష్, అంటే తోలులా మెరుపు తక్కువగా, కాస్త గరుకుగా ఉండేది. హ్యాండిల్స్: పూత వేయని ఇత్తడి.

బోర్డు 2: వెన్నెల
నేల: పెద్ద తెల్ల టైల్స్, సన్నటి గ్రౌట్ గీత. కర్ర దాదాపు లేదు, అల్మారాలన్నీ తెల్ల మ్యాట్ లామినేట్. వంటగట్టు: బూడిద చారల తెల్ల పాలరాయి. గోడ: తెల్ల పెయింట్.

బోర్డు 3: చెట్టు నీడ
నేల: కర్ర గీతలున్న గోధుమ రంగు టైల్స్. కర్ర: వాల్‌నట్ వెనీర్. గోడ: ముదురు ఆకుపచ్చ, కిటికీకి ఎదురుగా ఉన్న ఒక్క గోడకే. వంటగట్టు: లేత రంగు క్వార్ట్జ్.

నా సలహా బోర్డు 1. కారణాలు చెప్తాను, ఒప్పుకోకపోతే నిర్మొహమాటంగా చెప్పండి.

మొదటిసారి కలిసినప్పుడు మేడమ్ ఒక మాట అన్నారు: "ఇల్లు హోటల్ లాబీలా ఉండకూడదు, కాలు చాపుకుని కూర్చునేలా ఉండాలి" అని. ఆ మాట నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉంది. బోర్డు 2 చూసిన వెంటనే బాగుంటుంది, గది పెద్దగా కూడా కనిపిస్తుంది. కానీ అది ఎప్పుడూ సర్ది ఉంచాల్సిన ఇల్లు. ముఖ్యంగా ఆ పాలరాయి. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్ పడితే పైపొర కొంచెం కరిగి మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. సీలర్ వేస్తే మరక లోపలికి ఇంకకుండా కొంత ఆపుతుంది కానీ ఈ కరగడాన్ని ఆపదు. రోజూ వాడే వంటగట్టు మీద నేను దాన్ని పెట్టను. గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

నిజం చెప్పాలంటే టెరాజోలోనూ పాలరాతి ముక్కలు, సిమెంటు ఉంటాయి కాబట్టి దానికీ పులుపు పడదు. అందుకే వంటగట్టు ముందు ఒక మీటరు మేర నేలకి గ్రానైట్‌నే దించుదాం అనుకుంటున్నాను. బొమ్మలో అది ఇంకా లేదు. గట్టు నుంచి నేల మీదికి అదే రాయి దిగితే వంటగది హద్దు కూడా తెలుస్తుంది, గోడ అవసరం లేకుండా.

సార్ వాళ్ల అమ్మగారు రోజంతా ఈ గదిలోనే తిరుగుతారు. మెరుపు లేని నేల మీద అడుగు కొంచెం నిలుస్తుంది. చిప్స్ ఉన్న నేల మీద చిన్న చిన్న మరకలు, దుమ్ము కలిసిపోతాయి కూడా.

బోర్డు 3 వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఆ ఆకుపచ్చ గోడ నాకు చాలా నచ్చింది. కానీ వాల్‌నట్ ఎండకి ఏళ్లు గడిచేకొద్దీ లేతబడుతుంది. మీ అల్మారాల్లో సగం పడమటి ఎండలో, సగం నీడలో ఉంటాయి, కొన్నాళ్లకి రెండు రంగులుగా తేలతాయి. ఓక్ కూడా మారుతుంది, కాస్త పసుపు తిరుగుతుంది, అయితే బోర్డు 1లోని రంగుల మధ్య ఆ మార్పు అంతగా ఎత్తి కనిపించదు. క్వార్ట్జ్‌లో రాతి పొడిని పట్టి ఉంచేది రెసిన్, పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే మచ్చపడే ప్రమాదం ఉంది. కాబట్టి బోర్డు 3 నుంచి ఒక్క ఆకుపచ్చనే తెచ్చుకుందాం: డైనింగ్ వెనకున్న పుస్తకాల అర లోపలి వైపు మాత్రమే. అంతకు మించి కలపొద్దని మనవి. ఒకదాని నేల, ఇంకోదాని కర్ర, వేరేదాని గోడ తీసుకుంటే ఒక్కోటి విడిగా బాగుంటుంది, గది మాత్రం ఎవరిదీ కానట్టు అవుతుంది.

ఇత్తడి హ్యాండిల్స్ గురించి ముందే చెప్పాలి: పూత లేదు కాబట్టి చేతులు తగిలి తగిలి రంగు మారుతుంది. నాకు అది ఇష్టం. మీకు ఎప్పుడూ కొత్తగా మెరవాలనిపిస్తే ఇప్పుడే చెప్పండి, లాకర్ అనే పారదర్శక పూత వేసినవి తెస్తాను.

స్క్రీన్ మీద రంగుని దయచేసి నమ్మకండి. మీ ఫోన్‌లో ఒకలా, నా కంప్యూటర్‌లో ఒకలా ఉంటుంది. శనివారం పొద్దున నమూనాలు తెస్తాను: టెరాజో, గ్రానైట్, ఓక్ ఒక్కోటి ఏ4 కాగితం సైజులో. అరచేతిలో పట్టే ముక్క చూసి నిర్ణయిస్తే గోడంత అయ్యాక వేరేలా కనిపిస్తుంది. రెండు రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. పొద్దున ఒకసారి, నాలుగింటికి ఒకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి చూడండి. పగటి వెలుతురులో కలిసిన రెండు రంగులు దీపం కింద విడిపోవచ్చు. మీ హాలుకి 2700 కెల్విన్ లైట్లు అనుకున్నాం కాబట్టి అదే బల్బు ఒకటి వెంట తెస్తాను. నేల ముక్కని నేల మీదే పెట్టి నిలబడి చూడండి, గోడ ముక్కని నిలబెట్టి చూడండి. సున్నపు పూత నమూనాని మాత్రం మీ గోడ మీదే రెండు అడుగుల మేర వేయిస్తాను. అది తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి ఆరాక తేలిపోతుంది, కాబట్టి వేసిన రోజే చూసి కంగారు పడకండి.

మంగళవారం సాయంత్రానికి నాకు రెండు జవాబులు కావాలి. బోర్డు 1తో ముందుకు వెళ్లాలా, వద్దా? ఇత్తడి హ్యాండిల్స్ లాకర్ పూతతోనా, పూత లేకుండానా? సరే అంటే బుధవారం నుంచి అల్మారా డ్రాయింగులు, స్కర్టింగ్, నేలలో టెరాజో గ్రానైట్ కలిసే గీత మీద పని మొదలుపెడతాను. ఆ గీత ఎక్కడ పడాలో మీ వంటగదిలోనే సుద్దముక్కతో గీసి చూపిస్తాను, అమ్మగారిని కూడా అప్పుడు అక్కడ ఉండమనండి.

ఇట్లు,
మీ ఇంటీరియర్ డిజైనర్