గుణిస్తే తలం ఎందుకు తిరుగుతుంది?
ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హనుమకొండ: డీ మోయర్ సిద్ధాంతానికి ముందు పాఠం

గ్రాఫ్ పేపర్, స్కేలు, కోణమానిని బయట పెట్టుకోండి. ఈ రోజు cos, sin ఫార్ములాలు మొదట వాడం. అవి చివర్లో వాటంతట అవే వస్తాయి.

a+ib అంటే కుడికి a, పైకి b వెళ్తే చేరే బిందువు. ఇలా సంకీర్ణ సంఖ్యల్ని తలం మీద మొదట చూపినవాడు కాస్పర్ వెసెల్. ఆయన డెన్మార్క్‌లో భూములు కొలిచే సర్వేయర్, 1797లో తన వ్యాసాన్ని అక్కడి అకాడమీకి సమర్పించాడు. 1806లో ఆర్గాండ్ విడిగా ఇదే ఆలోచనకు వచ్చాడు, తలానికి ఆయన పేరే నిలిచింది. దూరం, దిక్కు కలిపి ఒకే సంఖ్యలో రాయడం ఒక సర్వేయరుకు తట్టడం నాకైతే చాలా సహజంగా అనిపిస్తుంది.

ఇప్పుడు -1తో గుణిద్దాం. 3 పోయి -3 అవుతుంది, అంటే సగం చుట్టు, 180°. i తో రెండుసార్లు గుణిస్తే -1తో ఒకసారి గుణించినట్టే కదా? అంటే రెండుసార్లు చేస్తే సగం చుట్టు తిప్పే పని ఏదో, అదే i చేస్తోంది. పావు చుట్టు, 90°. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి కదా. మధ్యలో నిలబడి తూర్పు తోరణం వైపు చూస్తున్నారనుకోండి. i తో ఒకసారి గుణిస్తే ఉత్తర తోరణం వైపు తిరుగుతారు, ఇంకోసారికి పడమర, తర్వాత దక్షిణం, నాలుగోసారికి మళ్లీ తూర్పు. i⁴=1 అని బట్టీ పట్టేది ఇదే.

ఇది ఊహతో వదలొద్దు, పేపర్ మీద చూడండి. 2+i గుర్తించండి: కుడికి 2, పైకి 1. పేపర్‌ను గడియారం ముల్లుకు ఎదురుగా పావు చుట్టు తిప్పండి. 'కుడికి' అన్నది 'పైకి' అయింది, 'పైకి' అన్నది 'ఎడమకి' అయింది. ఆ బిందువు ఇప్పుడు పైకి 2, ఎడమకి 1 దగ్గరుంది, అంటే -1+2i. చేత్తో గుణిస్తే కూడా i(2+i) = 2i-1. రెండూ ఒకటే.

ఇక అసలు విషయం. w=2+i, z=3+2i తీసుకుందాం.

wz = 3·w + 2·(iw)

ఈ వరుస దగ్గర కాసేపు ఆగండి, పాఠమంతా ఇందులోనే ఉంది. z దగ్గరికి ఎలా వెళ్లాం? 1 దిక్కులో మూడడుగులు, i దిక్కులో రెండడుగులు. wz దగ్గరికి ఎలా వెళ్తాం? అవే మూడు, అవే రెండు. కాకపోతే మొదటివి w వెంబడి, తర్వాతవి iw వెంబడి. ఇప్పుడే చూశాం, iw అంటే w నే 90° తిప్పింది, పొడవు అదే √5. కాబట్టి గ్రాఫ్ పేపర్ మీది ఒక్కో చదరం, చదరంగానే ఉంటూ √5 రెట్లు సాగి, w ఎంత వాలి ఉందో అంత తిరిగింది. z అనే బిందువు ఒక్కటే కాదు, తలం మొత్తం దాంతోపాటే కదిలింది.

లెక్క సరిచూడండి:

wz = 6+3i-2+4i = 4+7i

మాపాలు √5, √13, √65. గుణకారం కుదిరింది. కోణమానినితో ఆయామాలు కొలవండి: w కు దాదాపు 26.6°, z కు 33.7°, wz కు 60.3°. కూడిక కుదిరింది. మాపాలు గుణిస్తాం, ఆయామాలు కూడుతాం. అయితే ఆయామం 180° దాటితే 360° తీసేసి ప్రధాన విలువ రాయాలి, మార్కులు పోయేది అక్కడే.

cos(A+B) ఫార్ములా ఎందుకలా ఉంటుందో కూడా ఇందులోంచే తెలుస్తుంది. A తిప్పి, తర్వాత B తిప్పితే మొత్తం A+B తిప్పినట్టే. (cosA+i sinA)(cosB+i sinB) విస్తరించి వాస్తవ భాగం చూడండి: cosA cosB - sinA sinB. ఆ మైనస్ గుర్తు i² నుంచి వచ్చింది.

ఎప్‌సెట్‌లో వచ్చే తరహా లెక్క ఒకటి: (1+i)⁸. విస్తరించకండి. మాపం √2, ఆయామం 45°. ఎనిమిదిసార్లకు మాపం 16, కోణం 360°. జవాబు 16.

ఇంటికి: సమబాహు త్రిభుజంలో రెండు శీర్షాలు 0, 4+2i. మూడోది కావాలి. 60° తిప్పే సంఖ్య (1+i√3)/2, మాపం 1 కాబట్టి భుజం పొడవు మారదు. గుణిస్తే (2-√3)+i(1+2√3) రావాలి. ఈ లెక్కకు ఇంకో జవాబు కూడా ఉంది. ఏ సంఖ్యతో గుణిస్తే వస్తుందో, అది ఎందుకో బొమ్మతో సహా రాసుకుని రండి.