తల్లో పూలు పెట్టుకోని ముప్పై నాలుగేళ్లు

సభకు విచ్చేసిన పెద్దలకు, మిక్సింగ్, ప్యాకింగ్ సెక్షన్ల మిత్రులకు, అక్క కుటుంబ సభ్యులకు నమస్కారం.

పదహారేళ్లుగా నేను ఆవిడను మేడం అనే పిలుస్తున్నాను. ప్యాకింగ్ సెక్షన్‌లో మాత్రం మొదటి నుంచీ అందరూ పెద్దక్క అంటారు. ల్యాబ్‌లో కూర్చునేవాణ్ణి కాబట్టి ఆ పిలుపు నాకు రాదేమోనని ఇన్నాళ్లూ వెనకాడాను. అక్కా, మీరు రిటైరవుతున్న ఈ ఒక్క సాయంత్రం మిమ్మల్ని అలా పిలవనివ్వండి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ముగించుకుని, 1991లో అక్క రేణిగుంట దారిలోని మన పరిమళాల యూనిట్‌లో చేరేనాటికి ల్యాబ్ అంటే ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక త్రాసు, నలభై సీసాలేనని పాతవాళ్లు చెబుతారు. ఈ రోజు ఆ బల్ల చుట్టూ మూడు మెట్ల అరల మీద ఆరు వందలకు పైగా సీసాలు ఉన్నాయి. వెలుతురు తగిలితే నూనెలు చెడతాయి కనుక అన్నీ ముదురు గోధుమరంగు సీసాలే. ప్రతిదాని మీదా అక్క గుండ్రటి చేతిరాతలో పదార్థం పేరు, బ్యాచ్ నంబరు, మూత తెరిచిన తేదీ ఉంటాయి. కంప్యూటర్ లేబుళ్లు వచ్చాక కూడా ఆవిడ పెన్ను వదల్లేదు. తన చేత్తో పేరు రాసిన సీసా వాసన తనకు మరింత గట్టిగా గుర్తుంటుందని చెప్పేవారు. ఆ మాట నిజమేనని నాకు పదేళ్లకు తెలిసింది.

కొత్తగా చేరినవారు అక్కను చూసి మొదట ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. పూల మధ్య బతికే మనిషి తల్లో పువ్వు ఉండదు. తెలియనివాళ్లు దానికి ఏవేవో అర్థాలు తీసేవారు, ఒకరిద్దరు మొహం మీదే అడిగేశారు కూడా. తల్లో మల్లెలు ఉంటే ముక్కు రోజంతా ఆ మల్లెల వాసనలోనే ఉంటుందని, ఇక సీసాలోని మల్లె తనకు వినపడదని ఆవిడ ఓపికగా చెప్పేవారు. అవును, వాసన వినపడదు అనే అనేవారు. కొబ్బరినూనె రాసుకోరు, పౌడరు అద్దుకోరు, పొద్దున పదకొండు దాకా కాఫీ ముట్టరు. తిరుమల కొండ మీద పూలన్నీ స్వామివారికే చెందుతాయని ఆడవాళ్లు తల్లో పూలు పెట్టుకోరు కదా, మా ల్యాబ్ గడప లోపల కూడా అదే మర్యాద సాగింది. దాన్ని ఎవరూ నియమంగా పెట్టలేదు. అక్కను చూసి మేమే అలవాటు చేసుకున్నాం.

మల్లె గురించి ఆవిడ దగ్గర నేర్చుకున్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ తీరున లేదు. గులాబీని ఆవిరి పట్టి నూనె తీయవచ్చు కానీ, మల్లె ఆ వేడిని తట్టుకోదు. అందుకే ద్రావకంలో నానబెట్టి మైనం లాంటి ముద్దను తీసి, దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే చివరికి ఆబ్సల్యూట్ అనే చిక్కటి పరిమళసారం మిగులుతుంది. ఒక్క కిలోకు సుమారు ఏడు వందల నుంచి వెయ్యి కిలోల పూలు కావాలి. పొద్దున కోసినవి గట్టి మొగ్గలు. సాయంత్రం దాటి అవి విచ్చుకునేటప్పుడే పరిమళం నిండుగా ఉంటుంది. కాబట్టి ప్రతి మల్లెల కాలంలోనూ అక్క తమిళనాడులోని ఫ్యాక్టరీకి వెళ్లి, రాత్రి పదకొండింటి వరకు ఆ పూల రాశుల పక్కనే నిలబడి, ఎప్పుడు ట్యాంకులోకి వేయాలో తన ముక్కుతో చెప్పేవారు. ఒకసారి నన్ను తోడు తీసుకెళ్లారు. నేలంతా పరిచిన తెల్లటి పూల మీద ఆవిడ వంగి, దోసెడు తీసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకా అరగంట" అన్నారు. ఆ అరగంట తర్వాత గాలిలో వచ్చిన తేడా నాకు కూడా తెలిసిపోయింది. నాకు ఈ వృత్తి మీద నమ్మకం కుదిరింది ఆ రాత్రే.

నా తప్పు ఒకటి ఈ రోజు చెప్పుకోవాలి. చేరిన రెండో ఏడు, నలభై కిలోల మల్లె కాంపౌండు తూకం వేస్తూ ఇండోల్ అనే రసాయనం దగ్గర దశాంశ బిందువు ఒక స్థానం జరిపి చదివాను. కావలసినదానికి పదింతలు పడింది. గదంతా కలరా ఉండల వాసన. ఉద్యోగం పోయిందనుకుని చేతులు వణుకుతూ అక్క ముందు నిలబడ్డాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఇండోల్‌ను ఆల్కహాల్‌లో ఒక శాతానికి, ఆపై శాతంలో పదోవంతుకు పలచన చేయించి, కాగితపు పట్టీల మీద ఒక్కో చుక్క వేసి, పక్కన నాలుగు విచ్చిన మల్లెలు పెట్టారు. "ఇప్పుడు చూడు, నువ్వు భయపడ్డ ఆ వాసన పువ్వులోనే ఉంది. అది లేకపోతే మల్లె సబ్బులా ఉంటుంది" అన్నారు. పాడైన ఆ నలభై కిలోలను పారబోయలేదు. ఎనిమిది నెలల పాటు ప్రతి కొత్త బ్యాచ్‌లో కొంచెం కొంచెంగా లెక్క తప్పకుండా కలిపించి ఖర్చు చేయించారు. ఆ లెక్కల కాగితాన్ని నేను ఇప్పటికీ నా సొరుగులో దాచుకున్నాను.

బయటి నుంచి వచ్చే కొనుగోలుదారులు, శేషాచలం అడవి మీకు పక్కనే కదా, ఎర్రచందనం పరిమళం చూపించండి అని అడిగేవారు. అక్క బల్ల సొరుగులో నుంచి చిన్న చెక్కముక్క తీసి చేతికిచ్చేవారు. ఎంత వాసన చూసినా ఏమీ తెలియక వాళ్లు తెల్లబోయాక, దాని విలువ రంగులో, కలపలో ఉందని, పరిమళం శ్రీగంధానిదని వివరించేవారు. ఆ తర్వాత దవనం నూనె వాసన చూపించి, మన సీమ దండల్లో వాడే ఆకుకు ఎంత లోతైన వాసన ఉందో చెబుతూ ఆవిడ ముఖంలో కనిపించే సంతోషం కోసం నేను పని మానుకుని వెళ్లి నిలబడేవాణ్ణి.

2022 మార్చి నుంచి యూరప్‌లో సౌందర్య సాధనాల్లో లిలియల్ అనే పరిమళ రసాయనం వాడకం నిషేధమైనప్పుడు, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తన ఫార్ములాను ఆవిడే విప్పి మళ్లీ కట్టారు. అరవై ఒకటో ప్రయత్నానికి గాని తృప్తి పడలేదు. నలభయ్యవదే చాలునని నేను వాదించాను. నాదే పొరపాటు.

అక్కా, రేపటి నుంచి ఆ బల్ల దగ్గర నేను కూర్చోవాలి. మీ చేతిరాత ఉన్న లేబుల్ ఒక్కటి కూడా మార్చను. సీసా ఖాళీ అయితే కడిగి, అందులోనే నింపుతాను.

మిత్రులారా, మీ చేతుల్లో ఉన్నది పన్నీర్ సోడా. ఏం తాగుదామని అడిగితే అక్క కోరినది ఇదే. దయచేసి అందరూ లేచి నిలబడి గ్లాసులు పైకెత్తండి. మన పెద్దక్క నిండు ఆరోగ్యంతో, ఇంటినిండా మనుషులతో, పెరటినిండా పూలతో నూరేళ్లు చల్లగా ఉండాలి.

ఇంకొక్క పని మిగిలి ఉంది. ఈ ఉదయం ప్యాకింగ్ సెక్షన్ అక్కచెల్లెళ్లు మార్కెట్ నుంచి మల్లెమొగ్గలు తెచ్చి, మరువం కలిపి మూర కట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచారు. ఇప్పుడు ఏడున్నర అయింది, మొగ్గలు విచ్చుకుంటున్నాయి. అక్కా, ఇటు రండి. రేపు సీసాలు లేవు, ఈ రోజు తల్లో పూలు పెట్టుకోండి.