అమ్మానాన్నల మందుల ఖర్చు గురించి

రవీ, చిట్టీ,

ఫోన్‌లో మొదలుపెడితే మాట పక్కదారి పడుతుందని రాస్తున్నాను. ఇద్దరూ తీరిగ్గా చదవండి.

నాన్నకి పక్షవాతం వచ్చిన రోజు హాస్పిటల్ వరండాలో "ఖర్చు తలా మూడో వంతు" అన్నది నేనే. ఆ టెన్షన్‌లో అదే న్యాయం అనిపించింది. ఇప్పుడు చూస్తే తప్పు చేశానని అర్థమవుతోంది. ఈ ఏడు నెలలూ చిట్టి నెలకి 8,300 ఇవ్వడానికి చీటీ ముందే పాడుకుందట, నాలుగు వేలు నష్టానికి. నాకు మొన్న అమ్మ చెప్పింది. చిట్టీ, నీతో మాట్లాడాకే ఇది రవికి కూడా రాస్తున్నాను. ఇందులో నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నెల ఖర్చు లెక్క వేశాను. ఆయాకి 10,000. ఫిజియోథెరపీ నెలకి పన్నెండు సార్లు, 400 చొప్పున 4,800. నాన్న మందులు 4,700, అమ్మ బీపీ, థైరాయిడ్ మందులు 1,500. డైపర్లు, షుగర్ స్ట్రిప్పులు 2,000. పరీక్షలు, డాక్టర్ ఫీజు, ఆటోలు కలిపి సగటున 2,000. మొత్తం 25,000. మేడ మీద అద్దె 6,000 ఇంటి ఖర్చుకే సరిపోతోంది, దాన్ని ముట్టుకోవద్దు.

చేతికొచ్చే జీతాలు: రవికి 1,45,000, నాకు 72,000, చిట్టికి 33,000. అంటే చిట్టి తన జీతంలో నాలుగో వంతు ఇస్తోంది. రవి ఇచ్చేది నూటికి ఆరు రూపాయలు కూడా కాదు. తమ్ముడూ, ఇది నిన్ను తప్పుపట్టడం కాదు. అడిగినంతా నువ్వు ఒక్క నెల కూడా ఆలస్యం చేయకుండా పంపావు.

ముగ్గురి జీతాలూ కలిపితే 2,50,000. ఖర్చు అందులో సరిగ్గా పదో వంతు. ఆ లెక్కన రవి 14,500, నేను 7,200, చిట్టి 3,300 ఇవ్వాలి. కానీ చిట్టి తెనాలిలోనే ఉండి రోజూ స్కూల్ నుంచి నేరుగా అమ్మానాన్నల దగ్గరికే వెళ్తోంది. ఆయా రాని రోజు నాన్నకి స్నానం చేయించేది తనే. దానికి మనం ఏ రేటూ కట్టలేం. కనీసం తన వాటా 2,000 చేద్దాం. రవి 15,000, నేను 8,000 వేద్దాం.

రవీ, నీకు ఇంటి లోన్ ఉందని తెలుసు. అయినా ఈఎంఐ తీసేసి లెక్క వేయలేదు. అది నీ ఇల్లు అవుతుంది, పైగా అలా మొదలుపెడితే పిల్లల ఫీజులు, మా చీటీలు అన్నీ తీసేయాలి. నీకు నిజంగా ఇబ్బందైతే చెప్పు, నాది ఇంకో వెయ్యి పెంచుతాను. ఉద్యోగంలో ఏమైనా తేడా వస్తే ఆ నెలే చెప్పు, దాచుకోకు. ఎలాగూ ఏటా ఏప్రిల్‌లో ముగ్గురం మళ్లీ లెక్క చూసుకుందాం.

మందులు, పరీక్షల బిల్లులు నువ్వే నీ ఫోన్ నుంచి కట్టి నీ వాటాలో తగ్గించుకో. అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ లేదు, నువ్వు పన్ను పాత పద్ధతిలోనే కడుతున్నావు. 60 దాటిన తల్లిదండ్రుల వైద్యానికి నగదు రూపంలో కాకుండా కట్టినది ఏడాదికి 50,000 వరకు పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు.

హాస్పిటల్‌లో చేర్చాల్సి వస్తే ముందు నాన్న ఆయుష్మాన్ కార్డు వాడదాం. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వస్తుంది. ఇంకా తీసుకోలేదు, దసరా సెలవుల్లో నేనొచ్చి ఆ పని చూస్తాను. కానీ అది జాబితాలో ఉన్న హాస్పిటల్‌లో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా మందులకి రాదు. అమ్మకి ఇంకా 69. అందుకే అమ్మ, చిట్టి జాయింట్ ఖాతాలో ఒక లక్ష ఎప్పుడూ ఉంచుదాం: రవి 60,000, నేను 32,000, చిట్టి 8,000. చిట్టి నెలకి వెయ్యి చొప్పున వేస్తే చాలు. అంతకు మించి ఖర్చైనా ఇదే నిష్పత్తి.

రెండు మాటలు గట్టిగా చెప్తున్నాను. ఎవరు ఎక్కువ ఇచ్చారన్నదాన్ని రేపు ఇంటి పంపకానికి ముడిపెట్టొద్దు. ఇది మీ బావగారికీ చెప్పాను. మరదలికీ, మరిదిగారికీ ఈ మెసేజ్ చూపించండి, చాటుమాటు వద్దు. రెండోది, నాన్న ముందు డబ్బు ఊసెత్తొద్దు. మిల్లులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. మొన్న ఎడమ చేత్తో మందుల చీటీ వెనక కూడికలు వేస్తుంటే చూశాను. ఇవాళ ఫిజియో వద్దు, నడుము నొప్పిగా ఉందన్నారు. నొప్పి కాదది. బిల్లులు ఆయన చేతికి అందనివ్వకండి.

ఆదివారం రాత్రి తొమ్మిదికి ముగ్గురం కాల్‌లో మాట్లాడుకుందాం. నచ్చనిది ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. కుదిరితే అక్టోబర్ ఒకటి నుంచి మొదలుపెడదాం. చిట్టీ, ఈ నెల నీ వాటా పంపకు, నేను వేసేశాను. ఫిజియో అబ్బాయిని రేపు తప్పకుండా రమ్మను.

అక్క