బుధ, గురువారాల్లో నగరం మధ్య ప్రాంతాలకు మంచినీటి సరఫరా ఉండదు. బుధవారం ఉదయమే నీళ్లు పట్టి పెట్టుకోండి

విశాఖ నగర ప్రజలకు ముఖ్య ప్రకటన

నరవ నీటి శుద్ధి కేంద్రం నుంచి రేసపువానిపాలెం టీఎస్ఆర్ రిజర్వాయరుకు వచ్చే ప్రధాన పైప్‌లైన్ ఊర్వశి జంక్షన్ దగ్గర లీకవుతోంది. మరమ్మతు కోసం 2026 మార్చి 11 బుధవారం ఉదయం 9 గంటలకు ఈ లైనును మూసేస్తున్నాం. మళ్లీ 12వ తేదీ గురువారం సాయంత్రం 6 గంటలకు రిజర్వాయరులోకి నీళ్లు వదులుతాం. మీ ఇంటి కుళాయికి మామూలుగా నీళ్లు వచ్చేది 13వ తేదీ శుక్రవారం ఉదయం.

బుధవారం ఉదయం సరఫరా ఎప్పటిలాగే ఉంటుంది. ఆ రోజు ప్రతి ప్రాంతానికి అరగంట అదనంగా వదులుతాం. బుధవారం సాయంత్రం, గురువారం ఉదయం, గురువారం సాయంత్రం నీళ్లు రావు.

సందేహం ఉన్నా, నీటి అవసరం ఉన్నా జీవీఎంసీ టోల్ ఫ్రీ నంబరు 1800 4250 0009కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది.

📍 నీళ్లు పూర్తిగా ఆగే ప్రాంతాలు

రేసపువానిపాలెం, మద్దిలపాలెం, సిరిపురం, ఆసిల్‌మెట్ట, ద్వారకానగర్, దొండపర్తి, అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం, అల్లిపురం, వేలంపేట, జగదాంబ జంక్షన్ పరిసరాలు, మహారాణిపేట, చినవాల్తేరు, పెదవాల్తేరు.

పాండురంగాపురం, ఎంవీపీ కాలనీ, సీతమ్మధారలకు నీళ్లు వస్తాయి కానీ ప్రెషర్ తక్కువగా ఉంటుంది. అక్కడ పై అంతస్తుల వరకు ఎక్కకపోవచ్చు.

గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, మధురవాడ, భీమిలి, అనకాపల్లి వైపు ఏ మార్పూ లేదు. నిన్నటి నుంచి వాట్సాప్‌లో "విశాఖ మొత్తం మూడు రోజులు నీళ్లు రావు, డ్యాముల్లో నీళ్లు అయిపోయాయి" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. అది నిజం కాదు. నగరానికి నీళ్లిచ్చే ఏలేరు, రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాలకూ ఈ అంతరాయానికీ సంబంధం లేదు. ఇది ఒక పైపుకు చేస్తున్న మరమ్మతు, అంతే. ఆ మెసేజ్ వచ్చిన గ్రూపులోనే దయచేసి ఈ ప్రకటన కూడా పెట్టండి. గాజువాకలో ఉన్న పెద్దావిడ లేని కరువుకు భయపడి డ్రమ్ములు మోసుకోవాల్సిన పని లేదు.

🔧 ఇంతసేపు ఎందుకు?

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. లీకేజీ అంటే రెండు గంటల పని కదా అని. వీధి కుళాయి పైపుకు అది సరే. ఇది వెయ్యి మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప పైపు, మనిషి వంగి లోపలికి దూరగలిగేంత పెద్దది. ఒక్క కిలోమీటరు పొడవులో దాదాపు 7 లక్షల 80 వేల లీటర్ల నీళ్లుంటాయి. వాల్వులు మూసినంత మాత్రాన ఆ నీళ్లు మాయం కావు. స్కవర్ వాల్వు తెరిచి, పక్కన గెడ్డలోకి వదిలి, గోతిలో ఊరే నీటిని మోటార్లతో తోడితే తప్ప వెల్డింగ్ మొదలుపెట్టలేం. దానికే బుధవారం సాయంత్రం అవుతుంది.

ఇదే జాయింటుకు ఇంతకుముందు క్లాంపు బిగించి నీరు ఆపాం. హైవే పక్కన రాత్రింబవళ్లు లారీల అదురు, ఉప్పుగాలి, మట్టిలో తేమ. క్లాంపు పక్కనే పైపు పలచబడి మళ్లీ చిమ్ముతోంది. ఇంకో క్లాంపు వేస్తే బుధవారమే పని అయిపోయేది. కానీ అది ఏ ఏప్రిల్ చివర్లోనో, మే ఎండల్లోనో చెప్పాపెట్టకుండా పగిలితే ముందురోజు బిందెలు నింపుకునే వీలు కూడా ఎవరికీ ఉండదు. అందుకే దెబ్బతిన్న ముక్కను పూర్తిగా కోసి తీసేసి, కొత్త పైపు ముక్క పెట్టి, రెండు వైపులా లోపలా బయటా వెల్డింగ్ చేయిస్తున్నాం. ఆ పని బుధవారం రాత్రంతా సాగుతుంది.

గురువారం మధ్యాహ్నం లైను నింపడం మొదలవుతుంది. ఇక్కడ మాత్రం తొందరపడం. ఖాళీ పైపులోకి నీళ్లు ఒక్కసారిగా వదిలితే లోపలున్న గాలి నొక్కుకుని, నీరు ఎదురు కొట్టి, ఇంకోచోట జాయింటు ఊడుతుంది. ఎయిర్ వాల్వుల నుంచి గాలి పోనిస్తూ మెల్లగా నింపాలి. వెల్డింగ్ దగ్గర చెమ్మ కనిపించినా మళ్లీ ఆపి సరిచేస్తాం. అలా జరిగి ఆలస్యమైతే దాచకుండా వెంటనే చెబుతాం. బుధవారం రాత్రి 8 గంటలకు, గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పని ఎంతవరకు వచ్చిందో ఫొటోలతో ఇక్కడే పెడతాం.

ఈ రెండు రోజులే ఎందుకంటే, 16వ తేదీన పదో తరగతి పరీక్షలు మొదలవుతున్నాయి, 19న ఉగాది. పండగ ముందు ఇల్లు కడుక్కునే రోజుల్లో కుళాయిలు ఆపకూడదనుకున్నాం. రంజాన్ ఉపవాసాలు నడుస్తున్నాయని మాకు తెలుసు. అల్లిపురం, అక్కయ్యపాలెం, జగదాంబ ప్రాంతాల్లో మసీదుల దగ్గర బుధ, గురువారాల్లో సాయంత్రం 5 గంటలకల్లా ఇఫ్తారుకూ వుజూకూ నీళ్ల ట్యాంకరు ఉంటుంది. సహరీ వేళకు నీళ్లు చాలకపోతే మసీదు కమిటీలు ముందురోజే టోల్ ఫ్రీ నంబరుకు చెబితే రాత్రికే పంపిస్తాం.

🚰 కొండవాలు ప్రాంతాల వారికి

ఎక్కువ ఇబ్బంది పడేది మీరేనని తెలుసు. సరఫరా మళ్లీ మొదలైనా పల్లపు వీధుల పైపులు నిండి, ప్రెషర్ పెరిగాక గానీ కొండమీదికి నీళ్లు ఎక్కవు. కింద వీధిలో గురువారం రాత్రే కుళాయి చుక్క పడినా, పైన శుక్రవారం మధ్యాహ్నం కావచ్చు. ఆ మధ్యకాలానికి మీకు ఉచితంగా ట్యాంకర్లు పంపుతున్నాం. ట్యాంకరు వెళ్లగలిగే చివరి మలుపు దగ్గర, బుధవారం సాయంత్రం 4 నుంచి 7 వరకు, గురువారం ఉదయం 6 నుంచి 9 వరకు, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 వరకు ఉంటాయి. మెట్ల దారిలో పైదాకా పైపు వేయగలిగిన చోట ట్యాంకరు మోటారుతోనే పైనున్న సింటెక్స్ ట్యాంకులు నింపుతాం.

మెట్లు దిగలేని ముసలివాళ్లు, బాలింతలు, ఒంటరిగా ఉండేవాళ్లు మీ వీధిలో ఉంటే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శికి పేరు చెప్పండి. బిందె ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తారు. ట్యాంకరు దగ్గర ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. బండి నంబరు చూసి మాకు ఫోన్ చేయండి.

🏢 అపార్ట్‌మెంట్ల వారికి

సంపు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఇరవై ఫ్లాట్లలో ఎనభై మంది ఉన్నారనుకుంటే, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున దాదాపు 10,800 లీటర్లు కావాలి. పదివేల లీటర్ల సంపు నిండుగా ఉన్నా మామూలు వాడకంలో ఒక్కరోజుకే సరి. మనకు రెండు రోజులు గడవాలి. వాచ్‌మన్‌కు చెప్పి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పూటకు గంట చొప్పున వదిలించండి. కార్లు కడగడం, మెట్లు కడగడం, వాషింగ్ మెషీన్ శుక్రవారానికి వాయిదా వేయండి. బోరు నీళ్లుంటే వాడకానికి అవి సరిపోతాయి, తాగడానికి కాదు.

ట్యాంకరు కావాలంటే టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, మామూలు రుసుము కట్టి బుక్ చేసుకోవచ్చు. కానీ ఈ రెండు రోజులూ ఆసుపత్రులకు, కొండవాలు ప్రాంతాలకు ఇచ్చాకే అపార్ట్‌మెంట్లకు పంపుతాం. కేజీహెచ్, ఘోషా ఆసుపత్రులకు బుధవారం ఉదయం నుంచే ట్యాంకర్లు వరుసగా వెళ్తాయి. డయాలసిస్ జరిగే ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు, హాస్టళ్లు మంగళవారం సాయంత్రంలోగా తమ అవసరం చెబితే జాబితాలో చేరుస్తాం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. శుక్రవారం నీళ్లు మొదలవగానే కుళాయి పైపుకు నేరుగా మోటారు బిగించి లాగొద్దు. మీరు లాగిన నీళ్లు మీ వీధి చివరింటివాళ్లవి. అంతేకాదు, పైపులో ప్రెషర్ పడిపోయినప్పుడు మోటారు లాగితే చుట్టుపక్కల కాలువ నీళ్లు చిన్న పగుళ్లలోంచి లోపలికి వచ్చేస్తాయి. ఆ నీళ్లు మీ పిల్లలూ తాగుతారు. గురువారం రాత్రి నుంచి మా సిబ్బంది వీధుల్లో తిరుగుతారు. మోటారు కనిపిస్తే తీసేసి స్వాధీనం చేసుకుంటారు.

💧 నీళ్లు తిరిగి వచ్చాక

మొదట కాసేపు గాలి శబ్దంతో, ఎర్రగా, మట్టి రంగులో రావచ్చు. పది నిమిషాలు వదిలేయండి. ఆ నీటిని బకెట్లో పట్టి మొక్కలకో, మరుగుదొడ్డికో వాడుకోండి. కొత్త పైపు ముక్కను క్లోరిన్‌తో శుభ్రం చేస్తాం కాబట్టి కాస్త బ్లీచింగ్ వాసన ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. అయినా శని, ఆదివారాల వరకు తాగే నీళ్లు కాచి చల్లార్చుకునే తాగండి, ముఖ్యంగా చంటిపిల్లలు ఉన్న ఇళ్లలో. అరగంట దాటినా రంగు మారకపోయినా, మురుగు వాసన వచ్చినా తాగకుండా వెంటనే ఫోన్ చేయండి. మనిషి వచ్చి నమూనా తీసుకుంటాడు.

పట్టి పెట్టిన నీళ్ల మీద మూత తప్పనిసరి. డెంగీ దోమ మురుగులో కంటే ఇలాంటి మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. శుక్రవారం తర్వాత మిగిలిన డ్రమ్ములు, బకెట్లు వారం వరకూ అలా వదిలేయకుండా వాడేసి, గోడలు తోమి బోర్లించండి.

🚧 ఊర్వశి జంక్షన్ దగ్గర హైవేపై ఒక వరుస మూసి ఉంటుంది. ఎన్ఏడీ వైపు నుంచి వచ్చేవాళ్లు కాస్త ముందుగా బయలుదేరండి. గోతి చుట్టూ బారికేడ్లు, రాత్రి దీపాలు ఉంటాయి. పిల్లల్ని చూడ్డానికి తీసుకురావద్దు.

📞 ఫోన్ చేసేటప్పుడు మీ వీధి పేరు, దగ్గరలో గుర్తుగా చెప్పగలిగే గుడో, బడో, దుకాణమో చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. చెప్పిన వేళకు ట్యాంకరు రాకపోతే అదే నంబరుతో మళ్లీ ఫోన్ చేయండి, షిఫ్టులో ఉన్న ఇంజనీరుకు నేరుగా కలుపుతారు.

టోల్ ఫ్రీ: 1800 4250 0009 (24 గంటలూ)

నీటి సరఫరా విభాగం,
మహా విశాఖ నగరపాలక సంస్థ