ఆదివారం నాటి సంబంధం మాటల గురించి బావగారికి రాసిన ఉత్తరం

బావగారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం పెళ్ళివారు వెళ్ళిపోయాక అక్కయ్య "వాళ్ళు నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు" అని ఎంతో సంతోషపడింది. అబ్బాయి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఎవరు ఏ మాట ఏ సందర్భంలో అన్నారో ఆ రాత్రే కాగితం మీద పెట్టుకున్నాను. దాన్ని మళ్ళీ చదివితే, వాళ్ళు అడగకుండానే షరతులు పెట్టి వెళ్ళారనీ, మనం మర్యాదకు తల ఊపినదాన్ని ఒప్పుదలగా తీసుకున్నారనీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

అబ్బాయి పెదనాన్నగారు మొదట అన్న మాట ఇది: "మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో అది మీ ఇష్టం." కాఫీలు అయ్యాక, ఎవరూ అడగకపోయినా, తమ పెద్ద కోడలికి పసుపు కుంకుమల కింద పుట్టింటివారు మంగళగిరి దగ్గర రెండు వందల గజాల స్థలం ఇచ్చారని చెప్పారు. ఆ వెంటనే మధ్యవర్తిగారు మన కొల్లిపర పొలం సంగతి ఎత్తి, "ఇద్దరి పేరా రాయిస్తే రేపు లోనుకు కూడా పనికొస్తుంది" అన్నారు. పొలం ఉందని ఆయనకు చెప్పింది మనమే. కానీ ఎవరి పేరున రాయాలన్నది ఆయన నోట రావడానికి ముందే ఎక్కడో అనుకున్న విషయం. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. ఆమెకు ఇచ్చేది ఆమె ఒక్కదాని పేరున, పెళ్ళి మాటలతో ముడిపెట్టకుండా మనమే ఇద్దాం. పెళ్ళి కోసం సూటిగా ఇచ్చినా, పరోక్షంగా ఇస్తామని ఒప్పుకున్నా 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దాన్ని కట్నంగానే చూస్తుంది, ఇచ్చినవారిని కూడా తప్పుపడుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఉద్యోగం మాట. "అమ్మాయి ఉద్యోగం చేసుకుంటానంటే మాకేం అభ్యంతరం లేదు" అని అబ్బాయి తల్లిగారు అన్నప్పుడు మనమంతా ఊపిరి పీల్చుకున్నాం. కానీ అబ్బాయి డాలస్‌లో ఉన్నది హెచ్-1బి మీద, పిల్ల వెళ్ళేది హెచ్-4 మీద. భర్త గ్రీన్ కార్డు ప్రయత్నంలో ఐ-140 ఆమోదం వచ్చేదాకా ఆ వీసా మీద వెళ్ళిన భార్యకు సాధారణంగా పని అనుమతి రాదు. అది వచ్చిందా అని మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. పైగా ఆవిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి రెండుసార్లు చెప్పి, "కొన్నాళ్ళు మా దగ్గరుండి వెళ్తే ఇల్లూ వాకిలీ తెలుస్తాయి" అని ముగించారు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో తేలాలి, ఎందుకంటే హైదరాబాదులో పిల్ల ఉద్యోగం మానుకోవలసింది అప్పుడే.

ఇక తొందర. వేరే సంబంధంవారు కూడా కబురు చేస్తున్నారనీ, అబ్బాయి సెలవు అయిపోతోందనీ, ఆషాఢం వెళ్ళగానే శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకోవాలనీ చెప్పి పెదనాన్నగారు సంచిలోంచి పంచాంగం తీశారు. ఆ పేజీ ముందే మడత పెట్టి ఉంది. ముహూర్తం పక్కన పెన్సిలు గీత కూడా కనిపించింది. వారంలోగా జవాబు చెప్పమన్నది ఆ తరువాతి మాట.

మనవైపు నుంచి వచ్చిన ఒత్తిడినీ దాచకూడదు. పెద్దమ్మ వాళ్ళ ఎదుటే "ఇరవై తొమ్మిదొచ్చాయి, ఇంకా ఎంచుతూ కూర్చుంటే ఎవరొస్తారు" అన్నది. పెద్దావిడ, ప్రేమ కొద్దీ అన్నదే. అయినా ఆ మాట తరువాతే మధ్యవర్తిగారి గొంతు పెరిగిందని నేను గమనించాను. పిల్లను వాళ్ళు అడిగిన ఒకే ప్రశ్న "అక్కడ ఉండగలవా అమ్మా" అన్నది. తను నోరు తెరిచేలోగా అక్కయ్యే "ఎందుకుండదండీ" అని జవాబు చెప్పేసింది. తను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కనుక మీరు మధ్యవర్తిగారికి ఇప్పుడే ఫోను చేయవద్దని నా మనవి. చేస్తే మన మాట కూడా ఆయన మాటల్లోనే అటు వెళుతుంది. అబ్బాయి నాన్నగారితో మీరే నేరుగా మాట్లాడి ఐ-140 సంగతి, అత్తగారింట ఉండవలసిన కాలం, పొలం పేరెత్తడంలో వాళ్ళ ఉద్దేశం స్పష్టంగా అడగండి. మంచివాళ్ళయితే అడిగినందుకు తప్పుపట్టరు. ఆ ఫోనుకు ముందు పిల్లను, పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా, మీరొక్కరే కూర్చోబెట్టుకుని అడగండి. తను వద్దంటే ఆ మాట అటువైపు చెప్పే బాధ్యత నాది. శనివారం సాయంత్రం తెనాలి వస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది