కార్యవర్గ సమావేశ నోటీసు

మియాపూర్, హైదరాబాద్
5 మార్చి 2026

మన అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం కార్యవర్గ సమావేశం మార్చి 15, ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాలులో జరుగుతుందని యజమానులకు, అద్దెకుంటున్నవారికి తెలియజేస్తున్నాము.

బీ బ్లాక్ బోరులో నీరు తగ్గి, సంపు మధ్యాహ్నానికే అడుగంటుతున్నందున ట్యాంకర్ల ఖర్చు, ఫ్లాటువారీ నీటి మీటర్లు, వానలకు ముందే ఇంకుడు గుంత పూడికతీత ప్రధానంగా చర్చకు వస్తాయి. ఎండలు ముదరకముందే వీటిపై నిర్ణయం తీసుకోవడం అత్యవసరమని కార్యవర్గం భావిస్తోంది. ఆ తరువాత గత సమావేశ మినిట్స్ ఆమోదం, మెయింటెనెన్స్ బకాయిలు, లిఫ్టు ఏఎంసీ పునరుద్ధరణ ఉంటాయి.

ఎజెండాలో అంశం చేర్చదలచినవారు దానిని కాగితంపై రాసి, ఫ్లాటు నంబరు, సంతకంతో మార్చి 12, గురువారం సాయంత్రం 6 గంటలలోగా వాచ్‌మన్ గది వద్దనున్న పెట్టెలో వేయగలరు. ఖర్చుతో కూడిన అంశమైతే కొటేషన్ జతచేయవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి